సాయిదుర్గ పంపిన రెండో ఆహ్వానం

రాజోలులో చెప్పుకుంటున్నట్టు భవానీదేవి గారు అలిగి ఫోన్ ఆపేసుకోలేదు. మీటింగులో తనకి పెద్దపీట వెయ్యలేదన్న కోపంతో సొంత షాపు పనే ఆపించేశారన్నది ఉత్త మాట. ఆ రోజు ఆవిడ ఫోన్ మోగుతూనే ఉంది. కాకపోతే అది సంచీలో ఉంది, సంచీ అంతర్వేది గుళ్ళో పక్కింటావిడ భుజాన ఉంది, పక్కింటావిడ దర్శనం క్యూలో ఉన్నారు. ఇక సాయిదుర్గ మొగుడూ పెళ్ళాల మధ్య తగువు పెట్టిందన్న మాట ఇంకా తప్పు. ఆ పిల్ల చేసిన తప్పు ఒకటుంది గానీ అది మాత్రం కాదు. జరిగింది జరిగినట్టు చెబితే ఎవరి మీదా నింద ఉండదు.

సాయిదుర్గది అంతర్వేది దగ్గర పల్లిపాలెం. తండ్రి నూకయ్యకి పడవ ఉంది, తల్లి సూరమ్మ చేపల బుట్టతో సఖినేటిపల్లి, మలికిపురం తిరిగిన మనిషి. రాజోలులో డిగ్రీ అయ్యాక సాయిదుర్గ కొన్నాళ్ళు సెల్‌ఫోన్ షాపులో చేసింది, ఆ తర్వాత ఒక టాక్సు కన్సల్టెంటు దగ్గర జీఎస్టీ కాగితాలు ఎక్కించింది. అక్కడ నేర్చుకున్న పనే అక్కరకొచ్చింది. రొయ్యల చెరువులకి మేత, మందులు, నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్లు అమ్మే షాపుల కోసం హైదరాబాదు కంపెనీ ఒకటి బిల్లింగు సాఫ్ట్‌వేర్ తయారుచేసి, దాన్ని కోనసీమలో షాపులకి అలవాటు చేసేందుకు ఇక్కడి మనిషి కావాలని వెతికింది. చెరువుల మాట తెలిసి, జీఎస్టీ తెలిసి, ఎవరిని ఏ వరసతో పిలవాలో తెలిసిన పిల్ల దొరికింది. అమలాపురం బస్టాండు దగ్గర జిరాక్సు షాపు మేడమీద గదిలో ఆమెకి ఒక బల్ల, ల్యాప్‌టాప్, చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్ ఇచ్చారు.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పై అధికారి ఇందిర హైదరాబాదులో ఉంటారు. ఆవిడ ముందే చెప్పేశారు: ఇన్నాళ్ళూ ఇతరుల వెనక కూర్చుని చూశావు, ఇప్పుడొక కస్టమరుని మొదటి నుంచీ చివరిదాకా నువ్వే చూసుకో, నెలాఖరులోగా ఆ షాపు మన సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా నడిస్తే ఉద్యోగం నీది, లేకపోతే కుదరదు. అలా ఆమె చేతికొచ్చిన మొదటి కస్టమరు రాజోలులోని దేవీ ఆక్వా ట్రేడర్స్.

సాఫ్ట్‌వేర్ కొన్న రోజునే షాపు పని మొదలైపోదు. ముందు ఒక వీడియో కాల్ పెట్టుకోవాలి. ఆ కాల్‌కి ఆహ్వానం పంపాలి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ లింకు నొక్కాలి, ఏం మాట్లాడతాం, ఎవరు తప్పకుండా ఉండాలి, ఎవరు వస్తే రావచ్చు, వచ్చేముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి, అన్నీ అందులో ఉండాలి. సాయిదుర్గ ఈ ఆహ్వానాన్ని పెళ్ళి కార్డు రాసినంత జాగ్రత్తగా రాసింది.

అందులో మాట్లాడాల్సిన సంగతులు వరసగా పెట్టింది. ముందు పరిచయాలు. తర్వాత షాపు వివరాలు, బిల్లు నెంబర్లు ఎక్కడి నుంచి మొదలవ్వాలన్నది. తర్వాత సరుకుల జాబితా, రైతుల జాబితా ఎక్కించడం. ఆ తర్వాత ఎవరెవరికి లాగిన్ ఇవ్వాలి, ఎవరు ఏం చూడొచ్చు అన్నది. ఆ పైన ఈ-వే బిల్లుల పోర్టల్‌ని సాఫ్ట్‌వేర్‌కి కలపడం. ఆఖర్న ఒక నమూనా బిల్లు కొట్టి చూడడం.

సిద్ధం చేసుకోవలసినవాటిలో జీఎస్టీ సర్టిఫికెట్టు, సరుకు రకాన్ని గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లూ పన్ను రేట్లతో సరుకుల ఎక్సెల్ ఫైలు, మందులకి బ్యాచ్ నెంబర్లూ గడువు తేదీలూ, గోడౌన్‌లో లెక్కపెట్టిన నిల్వ, బిల్లు ప్రింటరు, మంచి ఇంటర్నెట్టు ఉన్నాయి. చివరి వరసలో, జీఎస్టీలో నమోదైన ఫోను కాల్ జరిగేటప్పుడు చేతిలో ఉండాలి అని కూడా రాసింది.

ఆ చివరి వరసకి కారణం ఉంది. మోటార్లు, ఏరేటర్లు లారీకెత్తి పంపాలంటే సరుకుతోపాటు వెళ్ళాల్సిన ఈ-వే బిల్లు అనే ప్రభుత్వ కాగితం తీయాలి. అది సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే రావాలంటే ముందు ప్రభుత్వ పోర్టల్‌లో ఇందుకోసం వేరే యూజర్ పేరు, పాస్‌వర్డ్ తయారుచేయాలి. అలా చేయబోతే పోర్టల్ ఓటీపీ అడుగుతుంది. ఆ నెంబరు జీఎస్టీలో ఏ ఫోను రాయించారో దానికే వస్తుంది. షాపులో ఎవరు గొంతు చించుకున్నా ఇంకో ఫోనుకి రాదు.

ఎవరెవరు రావాలో పేర్లు పంపమని షాపు అకౌంటెంటు సత్యదుర్గారావుకి ఫోన్ చేసింది.

"షాపు యజమాని, అకౌంట్లు చూసేవారు, కౌంటర్లో బిల్లు కొట్టేవారు తప్పనిసరండి. మిగతావాళ్ళు ఆప్షనల్ అండి."

"ఆయ్, బాగుందండి. యజమాని బంగారరాజు గారు. అకౌంట్లూ కౌంటరూ రెండూ నేనే చూస్తానండి. అమ్మగారిని మటుకు ఆప్షనల్‌లో పెట్టేద్దామండి."

"అమ్మగారెవరండి?"

"రాజుగారి భార్యగారండి, భవానీదేవి గారు. షాపు ఆవిడ పేరు మీదే ఉంది. అంచేత పేరు లేకపోతే బాగోదు. అలాగని రిక్వయిర్డు అని రాస్తే ఎలాగండీ? పెద్దావిడని తప్పకుండా రావాల్సిందే అని మనం ఆర్డరేసినట్టుండదూ?"

సాయిదుర్గకి ఆ మాట సబబుగానే తోచింది. పల్లిపాలెంలో పుట్టిన పిల్లకి, రాజుల ఇంటి అమ్మగారికి ఆజ్ఞ వెయ్యకూడదన్న సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్టులో యజమాని స్థానంలో భవానీదేవి పేరే ఉంది. అయినా ఇక్కడ సగం షాపులు ఆడవాళ్ళ పేరు మీదే ఉంటాయి, నడిపేది మగవాళ్ళు, ఫోను కూడా ఆయనదే అయ్యుంటుంది అనుకుంది. ఎవరి ఫోనండీ అని అడగలేదు. ఆమె తప్పు అదే.

సత్యదుర్గారావుకి మరో అలవాటుంది. జాబితా ఏదిచ్చినా ముందు అన్నిటికీ టిక్కులు పెట్టేసి, తర్వాత తీరిగ్గా పని చేస్తాడు. ఓటీపీ ఫోన్ దగ్గరుందా అన్న చోట కూడా టిక్కు పెట్టేశాడు. పెడుతున్నప్పుడు ఫోను ఇంట్లోనే ఉంది, ఇల్లు షాపు వెనకే ఉంది. ఆ లెక్కన ఆ టిక్కు తప్పని కూడా అనలేం.

ఆహ్వానం ముగ్గురికీ మెయిల్‌లో వెళ్ళింది. మెయిల్ ఎవడు చూస్తాడమ్మా అని బంగారరాజు గారు విసుక్కుంటే వాట్సాప్‌లో కూడా పెట్టింది. భవానీదేవి గారు తన ఫోనులో దాన్ని మొత్తం చదివారు. షాపు పేరు మీద తనకి వచ్చిన మొదటి పిలుపు అది. కింద తన పేరు పక్కన ఉన్న మాట చూసి సత్యదుర్గారావుని పిలిచారు.

"ఏమయ్యా, ఈ ఆప్షనల్ అంటే?"

"వీలుంటే రావచ్చండి అమ్మగారూ. లేకపోయినా ఏం ఫర్వాలేదండి."

"మరి నేను వచ్చి చెయ్యాల్సిందేం లేదా?"

"అబ్బెబ్బే, మీకెందుకండీ ఆ శ్రమ."

సరే అని ఆవిడ ఆ రోజుకే అంతర్వేది ప్రయాణం పెట్టుకున్నారు. ఇందులో అలకేముంది?

కాల్ పదకొండింటికి మొదలైంది. బంగారరాజు గారు తెల్లచొక్కా వేసుకుని షాపులో కూర్చున్నారు. సత్యదుర్గారావు తన కంప్యూటరు తెర అందరికీ కనపడేలా పెట్టాడు. అటు హైదరాబాదు నుంచి ఇందిర కెమెరా ఆపుకుని వింటున్నారు. షాపు వివరాలు ఎక్కాయి, బిల్లు నెంబర్లు కుదిరాయి. మేత బస్తాలకి పన్ను లేదని, ఏరేటర్లకి ఉందని, రెండింటినీ ఒకే గంపలో వేయకూడదని సాయిదుర్గ చెబితే రాజుగారు తలూపారు. లాగిన్ల దగ్గర సత్యదుర్గారావు చకచకా రెండు పేర్లు రాశాడు, యజమాని బంగారరాజు గారు, అకౌంటెంటు తను. ఎవరూ ఏమీ అనలేదు.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఓటీపీ పంపు అన్నది నొక్కారు.

"రాలేదమ్మా," అన్నారు రాజుగారు ఫోన్ చూసుకుంటూ.

"కాసేపు చూడండి రాజుగారూ."

"నా ఫోను బాగానే ఉంది. ఇందాకే ఎవడో లోన్ ఇస్తానని చేసేడు. అదొచ్చింది, ఇదే రాలేదు."

తెర మీద ఫోను నెంబరు చివరి అంకెలు మాత్రం కనపడుతున్నాయి. సాయిదుర్గ వాటిని చదివింది.

"అది నాది కాదే," అన్నారు రాజుగారు. "ఒరే దుర్గారావూ, ఎవరిదిరా అది?"

సత్యదుర్గారావు బల్ల మీద కాగితాలు సర్దాడు. "అమ్మగారిదండి. రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు ఆధార్ ఆవిడది కదండీ, ఫోనూ ఆవిడదే రాయించేసేరండి."

"ఆవిడ అంతర్వేదెళ్ళింది కదరా!"

ఫోన్ చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశారు, మళ్ళీ మోగింది. ఆ ఓటీపీకి కాలం తీరిపోయింది. ఇంకోటి పంపినా అంతేనని సాయిదుర్గ అక్కడితో ఆపేసింది. నమూనా బిల్లు కొట్టకుండానే కాల్ ముగిసింది. అందరూ వెళ్ళిపోయాక ఇందిర కెమెరా వేశారు.

"ఓటీపీ ఎవరికి వస్తుందో కాల్‌కి ముందే ఎందుకు అడగలేదు?"

"వాళ్ళాయనదే అనుకున్నానండి మేడమ్."

"అనుకోవడానికి కాదు కదా చెక్‌లిస్టు. నెలాఖరు దగ్గరికొచ్చింది. ఇంకొక్క కాల్. అంతే."

రాజోలులో మాట బస్సు కంటే వేగంగా తిరుగుతుంది. షాపుకొచ్చిన రైతులు ఇద్దరు రాజుగారి కేకలు విన్నారు. సాయంత్రానికల్లా సెంటర్లో టీ కొట్టు దగ్గర కథ తయారైంది: ఆయన్ని పిలిచి ఆవిణ్ణి ఆప్షనల్ అన్నారట, ఆవిడ పౌరుషంతో ఫోనెత్తలేదట, నా పేరు మీద షాపు పెట్టుకుని నన్నే లెక్కచెయ్యరా అందట. అంతర్వేది నుంచి దిగిన భవానీదేవి గారికి ఈ కథ పొరుగింట్లో కాఫీతోపాటు అందింది.

అసలు బాధ అక్కడ మొదలైంది. రానక్కర్లేదని రాసి ఉంటే రాలేదు. చదివి అర్థం చేసుకుని, అడిగి తెలుసుకుని మరీ చేసిన పని అలకైపోయింది. ఇంట్లో బంగారరాజు గారు కూడా, "ఎందుకొచ్చిన పట్టుదల భవానీ, ఎత్తి ఆ నాలుగంకెలు చెబితే పోయేది కదా," అన్నారు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

రెండు రోజులయ్యాక రెండో ఆహ్వానం వచ్చింది. ఈసారి తప్పకుండా రావలసినవాళ్ళలో మొదటి పేరు భవానీదేవి గారిదే. ఆవిడ చూశారు, రాను అన్న మీట నొక్కారు. వెంటనే అమలాపురంలో సాయిదుర్గ తెర మీద తెలిసింది, భవానీదేవి గారు నిరాకరించారని. మనిషి ఎదురుగా రానంటే అది ఇంట్లోనే ఉండిపోయేది. కంప్యూటరు మటుకు ఆ ముక్కని ఇందిరకి కూడా పంపేసింది.

ఆ ఆదివారం పల్లిపాలెంలో సూరమ్మ కూతురికి సలహా ఇచ్చింది.

"కుంకుమ భరిణె పట్టికెళ్ళి బొట్టెట్టి పిలవ్వే. ఆళ్ళ ఇళ్ళల్లో అలా పిలిస్తేగానీ రారు."

"అమ్మా, అది పేరంటం కాదే. సాఫ్ట్‌వేర్ మీటింగు."

"ఏదైతేనేం? పిలుపు పిలుపే."

నూకయ్య వల సర్దుకుంటూ నవ్వేడు. "ఎట్టి చూడరాదా. బొట్టుకి ఓటీపీ వస్తదేమో."

సాయిదుర్గ భరిణె పట్టుకెళ్ళలేదు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి రాజోలులో దిగి, షాపు వెనక ఇంటికి వెళ్ళింది. భవానీదేవి గారు వరండాలో కూర్చుని కాకరకాయలు తరుగుతున్నారు. కూర్చోమన్నారు, మజ్జిగ ఇచ్చారు, అంతర్వేది కబుర్లు అడిగారు. పని మాట వచ్చేసరికి గొంతు మారింది.

"బతిమాలడానికొచ్చేవా అమ్మాయ్? నేనేం అలగలేదు. అలిగేనని ఊరంతా అన్నాక, ఇప్పుడొస్తే బతిమాలితే వచ్చిందంటారు. నాకెందుకొచ్చిన గొడవ? ఫోనే కదా కావాల్సింది, ఆ రోజు ఆయన చేతికిచ్చేస్తాను. నెంబరొస్తది, చెప్తారు. నీ పనైపోతది."

నిజానికి సాయిదుర్గకి అంతకంటే కావలసిందేం లేదు. ఫోను రాజుగారి చేతిలో ఉంటే ఓటీపీ వస్తుంది, పోర్టల్ కలుస్తుంది, నమూనా బిల్లు వస్తుంది, ఉద్యోగం ఖాయమవుతుంది. చాలా షాపుల్లో జరిగేది అదే. సరేనండి అని లేచి వచ్చేయవచ్చు. లేవబోయింది కూడా. మళ్ళీ కూర్చుంది.

"ఒక మాటండి అమ్మగారూ. ఆ ఓటీపీ చెబితే పోర్టల్‌లో మీ పేరు మీద ఒక పాస్‌వర్డ్ తయారవుద్దండి. దాంతో తీసే ప్రతి ఈ-వే బిల్లూ మీరు తీసినట్టే. ఏదైనా తేడా వస్తే నోటీసు మీకే వస్తదండి, రాజుగారికి కాదు. అంచేత అది తయారయ్యేటప్పుడు మీరు చూస్తే మంచిదండి. ఇది ముందే చెప్పాల్సింది. ఎవరి ఫోనో అడగకపోవడం నా పొరపాటేనండి."

భవానీదేవి గారు కత్తిపీట పక్కన పెట్టారు.

"ఆ రోజు మీరంతా ఏం చేసేరో చూపించు."

సాయిదుర్గ ల్యాప్‌టాప్ తెరిచింది. సరుకులు చూపించింది, బిల్లు నెంబర్లు చూపించింది. లాగిన్ల దగ్గర ఆవిడ వేలు పెట్టి ఆపారు.

"ఈ యజమాని అన్నది ఒక్కరికే ఉంటదా?"

"ఆయ్, ఒక్కరికేనండి. యజమాని అయితే అన్నీ చూడొచ్చు. ఎవరికి లాగిన్ ఇవ్వాలో, తీసెయ్యాలో వారిష్టం. రద్దు చేసిన బిల్లులు కూడా వారికే కనపడతాయండి."

"మరి ఇందులో నా పేరేది?"

"లేదండి."

"ఆప్షనల్‌గా కూడా లేదా?" అని ఆవిడ నవ్వారు. నవ్వు అయ్యాక, "నోటీసు నాకు, యజమాని ఆయన. బాగుంది. నన్ను యజమానిగా మార్చెయ్."

"అది నేను మార్చకూడదండి. కాల్‌లో మీరంతా ఉండి చెబితేనే. మాట్లాడాల్సిన సంగతుల్లో అది పెడతానండి, మీ పేరు, రాజుగారి పేరు పక్కపక్కన రాసి. పైగా అది మీ ఇంటి సంగతి. నేనెటూ చెప్పను."

"పెట్టు. అలాగైతే వస్తాను."

అమలాపురం వచ్చి మధ్యాహ్నానికల్లా ఆహ్వానాన్ని తిరగరాసింది. సిద్ధం చేసుకోవలసినవాటిలో ప్రతిదాని పక్కనా అది ఎవరి దగ్గరుందో పేరు రాసింది. ఓటీపీ ఫోను: భవానీదేవి గారి చేతిలో. లాగిన్ల వరసలో, యజమాని లాగిన్ ఎవరికి అన్నది భవానీదేవి గారు, బంగారరాజు గారు కలిసి నిర్ణయించాలి అని చేర్చింది. పంపే మీట మీద వేలు పెట్టి కొంతసేపు కూర్చుంది. రాజుగారికి కోపమొస్తే సాఫ్ట్‌వేరే వద్దంటారు, ఉద్యోగం అక్కడితో సరి. అయినా పంపింది.

రాజుగారి ఫోను రానే వచ్చింది.

"ఏమ్మా, నిన్ను బిల్లులు నేర్పమన్నామా, ఇంట్లో పంపకాలు పెట్టమన్నామా?"

"పంపకాలేం లేవండి రాజుగారూ. ఆ వరస ప్రతి షాపుకీ ఉంటదండి. కిందటిసారి చూసుకోకుండా వెళ్ళిపోయేం."

"ఇరవయ్యేళ్ళ నుంచి షాపు నడుపుతున్నాను. యజమానెవరో కంప్యూటర్ చెప్పాలా?"

"కంప్యూటర్ కాదండి, మీరిద్దరే చెప్పాలి."

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆహ్వానానికి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. భవానీదేవి గారి పేరు పక్కన మాత్రం వస్తాను అని పడింది.

కాల్ రోజున సాయిదుర్గ ముందుగా లింకు తెరిచి కూర్చుంది. మొదట వచ్చింది భవానీదేవి గారే, ఇంట్లో కుర్చీ వేసుకుని, వెనక దేవుడి పటాలు కనపడేలా. తర్వాత సత్యదుర్గారావు. ఇందిర కూడా వచ్చారు. రాజుగారి కోసం అంతా ఎదురుచూశారు. సాయిదుర్గ రెండుసార్లు నీళ్ళు తాగింది.

ఆయన వచ్చారు. షాపులో నుంచి ఫోనులో కలిశారు. ఇల్లు షాపు వెనకే కావడంతో ఆయన మాట రెండుసార్లు వినపడసాగింది, ఒకసారి గోడ దాటి, ఒకసారి ఫోనులో.

"ఒకరు మైకు ఆపండి," అన్నారు ఇందిర.

"నేను ఆపను," అన్నారు రాజుగారు.

"నేనే వింటాలెండి," అని భవానీదేవి గారు తనది ఆపుకున్నారు.

మిగతావన్నీ కిందటిసారి అయినవే కాబట్టి సాయిదుర్గ నేరుగా లాగిన్ల దగ్గరికి వచ్చింది. రాజుగారు, "అది తర్వాత చూద్దాం, ముందు ఆ ఓటీపీ సంగతి కానియ్యండి," అన్నారు. వరస మార్చడానికి వీలుంది, కస్టమరు అడిగారు, సాయిదుర్గ మార్చింది. సత్యదుర్గారావు పోర్టల్ తెరిచి ఓటీపీ పంపు నొక్కాడు.

భవానీదేవి గారు మైకు వేశారు. "వచ్చింది."

"చెప్పండమ్మగారూ," అన్నాడు సత్యదుర్గారావు వేళ్ళు మీటల మీద పెట్టుకుని.

"చెప్తాను. యజమాని ఎవరన్నది ముందు రాయండి."

"భవానీ, అందరూ చూస్తున్నారు," అన్నారు రాజుగారు.

"చూడనివ్వండి. ఊరంతా నేనలిగేనని అంటుంటే చూసేరు కదా. నేనలగలేదు. అడుగుతున్నాను."

"నీకెందుకు ఈ లాగిన్లు? ఏ సీజన్లో ఎన్ని ఏరేటర్లు పోతాయో నీకు తెలుసా?"

"తెలీదు. అందులో కనపడతాయంట కదా. చూసి తెలుసుకుంటాను."

"అమ్మగారూ, టైమైపోతోందండి," అన్నాడు సత్యదుర్గారావు.

టైమైపోయింది. తెర మీద ఆ ఓటీపీ ఇక చెల్లదని వచ్చింది. ఇందిర కెమెరా ఆపి ఉంది కాబట్టి ఆవిడ మొహం ఎలా ఉందో తెలీదు. సాయిదుర్గ మొహం మాత్రం అందరికీ కనపడుతోంది.

"ఫర్వాలేదండి," అంది ఆమె. "మళ్ళీ పంపొచ్చు. రాజుగారూ, మేనేజర్ లాగిన్ తీసుకుంటే బిల్లులు కొట్టడం, సరుకు చూడడం, ఈ-వే బిల్లులు, రేట్లు మార్చడం అన్నీ మీ చేతిలోనే ఉంటాయండి. ఇప్పుడు షాపులో మీరు చేస్తున్న పనేదీ ఆగదు. లాగిన్లు ఇవ్వడం, తియ్యడం, రద్దైన బిల్లులు చూడడం మటుకు యజమానికి."

"అంటే నేను మేనేజర్నా?"

"నేను అకౌంటెంటునండి, ఇన్నేళ్ళ నుంచీ," అన్నాడు సత్యదుర్గారావు మధ్యలో. "బాగానే ఉందండి."

"నిన్నెవడడిగేడురా!"

ఇందిర నవ్వు వినపడింది, ఆపుకోలేక వచ్చినది. దానికి భవానీదేవి గారూ నవ్వారు. రాజుగారు అటూ ఇటూ చూసి, షాపులో నిలబడ్డ రైతుని, "ఏటి చూస్తున్నావ్, మేత బస్తాలెన్ని?" అని కసిరి, మళ్ళీ ఫోనులోకి వచ్చారు.

"సరే, రాయండి. కానీ ఒక మాట. మేనేజర్ని రోజూ పొద్దున్నే లెక్క చెప్పమంటే నేను చెప్పను."

"చెప్పక్కర్లేదండి. నాకు కనపడతది," అన్నారు భవానీదేవి గారు.

యజమాని లాగిన్ మారింది. ఓటీపీ మళ్ళీ పంపారు, ఆవిడ అంకెలు ఒక్కొక్కటే చదివారు. పోర్టల్‌లో కొత్త యూజర్ పేరూ పాస్‌వర్డూ తయారయ్యాయి. పాస్‌వర్డ్ ఏం పెట్టాలో ఆవిడే చెప్పి, టైపు చేస్తున్నప్పుడు సత్యదుర్గారావుని తల తిప్పుకోమన్నారు. టైపు చేసేది అతనేనని గుర్తుచేస్తే, సరే కానీ మర్చిపో అన్నారు. అవి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక పోర్టలూ సాఫ్ట్‌వేరూ కలిశాయి. ఒక ఏరేటరుకి నమూనా బిల్లు కొట్టారు, పన్ను సరిగ్గా పడింది. ఆ మధ్యాహ్నమే అంతర్వేదికర వైపు చెరువులకి ఏరేటర్లతో లారీ బయల్దేరితే దాని ఈ-వే బిల్లు సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే వచ్చింది. దేవీ ఆక్వా ట్రేడర్స్ నడుస్తున్నట్టు సాయిదుర్గ నమోదు చేసింది.

ఇందిర సాయంత్రం ఫోన్ చేశారు. అదంతా కాల్‌లో జరగకుండా ముందే తేల్చుకుని ఉండాల్సిందని, కస్టమరు ఇంటి మాటలు రికార్డింగులో పడ్డాయని, దాన్ని ఎవరికీ పంపొద్దని చెప్పారు. ఆ తర్వాత, ఓటీపీ ఫోను ఎవరిదన్న వరస ఇక అన్ని ఆహ్వానాల్లోనూ పేరుతో సహా ఉండాలన్నారు. నెలాఖరుకి ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. సూరమ్మ అది చదవలేక, ఎక్కడ సంతకం ఉందో చూపించమని అడిగి చూసుకుంది.

అయితే అన్నీ సర్దుకున్నాయనుకోకండి. బంగారరాజు గారు సాయిదుర్గతో ఇప్పటికీ మాట్లాడరు. సందేహమొస్తే హైదరాబాదు సపోర్టు నెంబరుకి చేసి, లైన్లో ఎంతసేపైనా ఉంటారు గానీ అమలాపురానికి చెయ్యరు. భవానీదేవి గారు మాత్రం భోజనాలయ్యాక లాగిన్ తెరిచి చూస్తారు. ఒకసారి రద్దైన బిల్లు గురించి అడిగితే సత్యదుర్గారావు తడబడ్డాడట. తడబడ్డాడనే అంటారు గానీ ఆ బిల్లులో రైతు పేరు తప్పు పడితే మళ్ళీ కొట్టారంతే, అందులోనూ ఏం లేదు.

సాయిదుర్గ ఇప్పుడు కొత్తపేట, ముమ్మిడివరం షాపులు కూడా చూస్తోంది. ఆహ్వానం పంపేముందు ఫోన్ చేసి, ఆ నెంబరు ఎవరి ఫోనుదండీ అని అడుగుతుంది. కొంతమంది మగవాళ్ళు ఆ ప్రశ్నకే చిరాకు పడుతున్నారు. మొగుడూ పెళ్ళాల మధ్య తగువు పెట్టే పిల్ల అన్న పేరు రాజోలు నుంచి కొత్తపేట దాకా వచ్చేసింది. ఒక షాపువాళ్ళు ఆమె వద్దు, ఇంకెవర్నైనా పంపమన్నారు. ఆమె ఎవరికీ చెప్పుకోదు, హెడ్‌సెట్ పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాల్స్‌లోనే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచే తీరిక కూడా కొన్ని రోజులు ఉండదంట. అమలాపురం బస్టాండులో దిగే పనున్నవాళ్ళు ఒకసారి ఆ జిరాక్సు షాపు మెట్లెక్కి, అన్నం తిందో లేదో చూసి, ఎలా ఉందో కనుక్కుని రండి.